పద్నాలుగు రివ్యూలు

పెళ్లిరోజే నా పేరు తీసేశారు. అత్తగారి పేరూ నా పేరూ ఒకటే కావడం దానికి కారణం. కోడలిని పిలిస్తే అత్తగారు పలకాల్సి వస్తుందని పీటల మీదే కొత్త పేరు పెట్టేశారు. నన్నెవరూ అడగలేదు.

విడాకులయ్యాక నా పేరు నేను తెచ్చుకున్నాను. గెజిట్, ఆధార్, బ్యాంకు, అన్నీ మార్చుకుని కోవూరులో టీచరుగా చేరాను. ఇక అయిపోయిందనుకుంటే, ఒకరోజు స్టాఫ్‌రూములో తోటి టీచరు మిక్సీ కొనడానికి ఫోనులో రివ్యూలు చూస్తూ పైకి చదివింది. "మా వారికి చాలా నచ్చింది." కింద అత్తింటివాళ్లు పెట్టిన ఆ పేరు, ఊరు, ఫొటోలో మిక్సీ పక్కన నవ్వుతూ నేను. ఆమె నా మొహం చూసి ఫోను బోర్లా పెట్టేసింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

కంపెనీకి మెయిల్ పెడితే, రివ్యూ రాసిన అకౌంటులోంచే తీసేయాలన్నారు. ప్రొఫైల్లో పేరు మార్చినా పాత రివ్యూల మీద పేరు మారదట. ఆ అకౌంటు ఉన్నది జువ్వలదిన్నెలో, నా మాజీ భర్త ఇంట్లో ఉండే ఫోనులో. రెండు నెలలు ఆలోచించి, అతను హార్బరుకి వెళ్లే వేళ చూసి ఆ ఫోనుకే చేశాను. అతని రెండో భార్య ఎత్తింది. నేనెవరో చెప్పాను. పెట్టేస్తుందనుకున్నా, పెట్టలేదు.

"నీ పేరు మీదే పార్సిళ్లు ఇంకా వస్తుండాయక్కా. నేనే సంతకం పెట్టి తీసుకుంటుండా" అంది.

రివ్యూలు తీసేయమని అడిగితే సరేనని ఫోను స్పీకరులో పెట్టింది. అన్నీ ఒకేసారి పోవు. ఒక్కొక్కటి తెరిచి, 'తొలగించు' నొక్కి, నిజంగానేనా అని అది అడిగితే మళ్లీ నొక్కాలి. ఆ అమ్మాయి ప్రతిదీ చదివి మరీ తీసింది. కుక్కర్, దుప్పట్లు, గోడగడియారం. అన్నింటికీ ఐదు నక్షత్రాలే ఇచ్చాను. ఎంత అబద్ధాలకోరునో! వింటుంటే సిగ్గేసింది, తర్వాత సిగ్గుపడే ఓపిక కూడా పోయింది.

పదమూడు అయ్యాయి. పద్నాలుగోది చదవడం మొదలుపెట్టింది. "బాత్రూం తలుపు గడియ. చాలా గట్టిది. బయటి నుంచి ఎంత తన్నినా ఊడలేదు."

నేను రాసిన నిజం ఆ ఒక్కటే.

"అక్కా, దీన్ని మనమే బిగించుకోవచ్చునా?" అంది, గొంతు తగ్గించి.

ఆ పేరు పోతే చాలని కదా నేను ఫోన్ చేసింది. ఆ సంగతి పక్కన పెట్టేశాను.

"బిగించుకోవచ్చమ్మా. స్క్రూడ్రైవర్ చాలు. ముందు నా నంబరు రాసుకో. ఏ వేళైనా కోవూరు వచ్చేయ్."

"ఏం పేరని పెట్టుకోవాలక్కా?"

చెప్పాను.

"అది మా అత్త పేరు కదా?"

"అవును. అందుకే ఎవరూ అనుమానపడరు. పెట్టుకో."