ఫీజు లేకుండా పంపిన డబ్బు

తమ్ముడు పోయాక ఇది రెండో మామిడి కాపు. వాడి గురించి రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది వాడి మొహం కాదు, వాడి ఫోన్‌లో బ్యాంకు యాప్ చూపించిన రెండు మాటలు: జీరో ఫీ. ఆ మాటలు ఎక్కడ కనపడ్డా నాకు ఇప్పటికీ రోత పుడుతుంది.

వాడు కువైట్‌లో ఒక కంపెనీకి ట్రైలర్ నడిపేవాడు. ముసునూరు దగ్గర మా మామిడితోట వాడి వాటాకి వచ్చింది. తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకిచ్చేయడం మా వైపు అలవాటు. వాడికది నచ్చేది కాదు. మందులు మనమే కొట్టించి కాయ మనమే అమ్ముకుందామనేవాడు. ఆ ఖర్చుకీ ఇంటి ఖర్చుకీ నెలనెలా వాడు పంపేది వాడి భార్య, మా మరదలి ఖాతాలో పడేది. అమ్మ ఆమె దగ్గరే ఉండేది.

మొదట్లో వాడు శుక్రవారాలు ఎక్స్ఛేంజి షాపు క్యూలో నిలబడి పంపేవాడు. కొంచెం ఫీజు తీసుకుని, ఇక్కడ ఎన్ని రూపాయలు పడతాయో రసీదు మీదే రాసిచ్చేవారు. తర్వాత జీతం పడే బ్యాంకు యాప్‌లోనే పంపడం మొదలుపెట్టాడు. ఫీజూ లేదు, క్యూ లేదు. ఫోన్‌లో ఆ రోజు దినారు ధర చూసి, గుణించి, ఇంత వస్తుందని అమ్మకు చెప్పేవాడు. పడేది మాత్రం ప్రతిసారీ దాదాపు మూడు వేలు తక్కువ.

ఆ తక్కువ ఎక్కడికి పోతోందంటే మా ఇంట్లో అందరికీ ఒకటే జవాబు తోచింది. మరదలి పుట్టిల్లు విస్సన్నపేట. అమ్మ ఆమెను ఎదురుగా ఏమీ అనేది కాదు. ఇంటికొచ్చినవాళ్ళతో, వంటింట్లోకి వినపడేలా అనేది.

"మావాడి చెమట విస్సన్నపేట బస్సెక్కుతోందండీ."

మరదలు పాస్‌బుక్ తెచ్చి చూపించింది. అందులో పడిన రూపాయలుంటాయి, బయల్దేరిన దినార్లుండవు. ఎవరూ నమ్మలేదు. తమ్ముడూ నమ్మలేదు. ఆ ఏడు డబ్బు చాలక సగం తోటకి రెండో మందు పడలేదు. తేనెమంచు పురుగు పట్టి పూత మాడిపోయింది. అదీ ఆమె మీదికే వచ్చింది.

చివరికి వాడు నాకు ఫోన్ చేసి, ఈ నెల డబ్బు నా ఖాతాకి వేస్తానని, ఎవరికీ చెప్పొద్దని అన్నాడు. మావాళ్ళకి అనుమానం వస్తే మనిషిని అడగరు, ఇలా చాటుగా పరీక్ష పెడతారు. డబ్బు పడింది. అంతే తక్కువగా పడింది.

నూజివీడులో బ్యాంకుకి వెళ్ళి అడిగాను. ఆఫీసరు మర్యాదగా కూర్చోబెట్టి చెప్పాడు. అక్కడి బ్యాంకు దినార్లను తన రేటుకి డాలర్లు చేస్తుంది. దారిలో ఇంకో బ్యాంకు తన చార్జీ మినహాయించుకుంటుంది. మిగిలిన డాలర్లను ఇక్కడి బ్యాంకు తన రేటుకి రూపాయలు చేసి, తన చార్జీ, జీఎస్టీ పట్టుకుంటుంది. ఫోన్‌లో కనపడే రేటు మనలాంటివాళ్ళకి ఎవరూ ఇవ్వరు.

"మరి జీరో ఫీ అన్నారు కదండీ?"

"ఫీ జీరోనేనండీ. రేటు వేరు, ఫీ వేరు," అని నవ్వాడు.

ఎవరూ అబద్ధమాడలేదు. ఒక్కొక్కరూ నిబంధన ప్రకారమే కోసుకున్నారు. నా అసహ్యమల్లా దాని మీదే. దొంగ ఐతే పట్టుకోవచ్చు. ఇక్కడ దొంగ లేడు, దొంగ అన్న పేరు మాత్రం మా ఇంట్లో ఒకామె మోసింది.

తమ్ముడికి చెప్పాను.

"నువ్వు దానికేం చెప్పకన్నయ్యా. కాయల టైముకి వస్తాగా, నేనే చెప్పుకుంటా."

కాయలు దిగకముందే, కువైట్‌లో తన గదిలో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. దినం అయ్యాక, వాడికి నిజం తెలిసిందని మరదలికి నేనే చెప్పాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకి కంపెనీ వాడికి రావాల్సిన బకాయిలు అదే బ్యాంకు నుంచి మరదలి ఖాతాకి పంపింది. ఎన్ని దినార్లో కంపెనీ రాసిన కాగితం ఆమె చేతిలో ఉంది. నూజివీడు బ్యాంకుకి నేనూ వెంట వెళ్ళాను. చచ్చినవాడి జీతానికీ అవే కోతలు. ఆఫీసరు మళ్ళీ అదంతా చెప్పబోయాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"ఈసారి కూడా నేనే తిన్నానేమో అడగండి బావగారూ."

అతనికి అర్థం కాలేదు. ఏ రేటుకి మార్చారో, ఎంత పట్టుకున్నారో కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇమ్మంది. అలాంటిది ఇస్తారని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. అడిగితేనే ఇస్తారట.

ఇంటికొచ్చాక ఆ కాగితం అమ్మకి చదివి వినిపించాను. అమ్మ రెండోసారి చదవమంది. కోడలికి క్షమాపణ ఏమీ చెప్పలేదు. మరుసటి పూతకి వ్యాపారి గుత్త మాట్లాడ్డానికొస్తే, అలవాటుగా అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"డబ్బు సంగతులు మా కోడలు చూస్తుందండీ. దాంతో మాట్లాడండి," అంది అమ్మ.

మరదలు బయటికొచ్చి, చార్జీలేమైనా పట్టుకుంటారా, చేతికి ఎంతిస్తారని వ్యాపారిని అడిగింది. ఈ మాట వినడానికి తమ్ముడు లేడు.