బట్టల్లేని కలశం

ధర్మవరం బజారులో మా ఇత్తడి అంగడికి వచ్చే ఫోటోలు చూస్తే నాకు సగం నవ్వు, సగం కోపం. సామాను ఎదురుగా పెట్టుకొని పేరు తెలీదంటారు! నేను మాత్రం ఫోన్‌లో చూసే చెప్పేస్తాను. ఆకారం, దాంతో చేసే పని రెండూ తెలిస్తే పేరు దానంతటదే నోటికొస్తుంది.

ఆరోజు కంబదూరు దగ్గరి పల్లె నుంచి గుడి పెద్దాయన ఇత్తడి సామాను ఫోటో పంపి, ఫోన్ చేశాడు. వాళ్ల పూజారి పోయాడు. గుడి సామాను ఆయన భార్య అప్పజెప్పింది. జాబితాలో ఉన్నవి మూడు: కలశం, పంచపాత్ర, హారతి పళ్లెం.

"అక్కా, ఆయమ్మ తట్ట, గ్లాసు, చెంబు తెచ్చిచ్చింది. కలశం లేదు. అమ్ముకునిందని ఊరంతా అంటాండారు. మీ అంగట్లో ఇంకో కలశం ఉంటే చూడు."

ఒళ్లు మండింది. ఫోటో పెద్దది చేసి చూశాను.

"ఏమన్నా, ఆ తట్ట నడుమ కర్పూరం గిన్నె నిలబడి ఉండాది, మసి కూడా పోలేదు. హారతి పళ్లెం కాక ఏమి? నీ గ్లాసులో పాము పడగ పిడి ఉన్న చిన్న చెంచా ఉండాది కదా? అది ఉద్ధరిణి. దాంతో తీర్థం పోస్తారు. అంటే ఆ గ్లాసే పంచపాత్ర."

"మరి చెంబో?"

గుండ్రటి పొట్ట, సన్నని మెడ, విచ్చుకున్న అంచు. నాకు అనుమానం లేదు. కానీ అతనికి నా మాట చాలదు, కంటితో చూడాల.

"ఒక టెంకాయ తెచ్చి దాని మూతి మీద పెట్టు. ఫోటో తీసి పంపు."

కాసేపటికి వచ్చింది. టెంకాయ లోపలికి జారకుండా, పక్కకు దొర్లకుండా కుదురుగా కూర్చుంది.

"అన్నా, ఇన్నేండ్లూ మీరు దాన్ని రవికగుడ్డ కట్టి, దారం చుట్టి, మామిడాకులు పెట్టినాకే చూసినారు. ఒట్టిగా ఎప్పుడన్నా చూసినారా? అదే మీ కలశం!"

 అతను గొంతు తగ్గించి, "ఆయమ్మ ఈడనే ఉండాది, మాట్లాడుతుందంట" అన్నాడు.

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చేట్టున్నాను.

"ముప్పై ఏండ్లు దాన్ని చింతపండేసి తోమిందాన్ని నేనే తల్లీ," అంది. "ఇది కలశమేనని నాలుగు దినాల్నుంచి చెప్తానే ఉండా. టెంకాయ పెట్టి చూడండప్పా అని గూడా చెప్పినా."