శనివారం గుర్తు

ప్రసూన వంటింటి గోడకు క్యాలెండర్ ఉండదు. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో తెలియాలంటే పక్క క్వార్టర్‌కు వెళ్లి చూసి వస్తుంది. ఏటా రైల్వేవాళ్లు ఇచ్చే క్యాలెండర్‌ను చుట్ట కూడా విప్పకుండా ఎవరికో ఇచ్చేస్తుంది. కాలనీలో చాలామంది దీన్ని పిచ్చి అనుకున్నారు. పిచ్చి కాదు, ఆమె ఒకప్పుడు క్యాలెండర్‌లో ఇరుక్కుపోయింది. బయటపడడానికి ఏడాది పట్టింది.

టెక్కలి దగ్గరి పల్లె నుంచి బిలాస్‌పూర్ లోకో కాలనీకి కాపురానికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. మొగుడు తిరుమలరావు అసిస్టెంట్ డ్రైవరు. డ్యూటీకి వెళ్లాడంటే ఎప్పుడొస్తాడో ఇంజనుకే తెలియాలి. రెండు గదుల క్వార్టర్‌లో మిగిలేది అత్తగారు అచ్చియమ్మ. రైలింజన్ల షెడ్‌లో పనిచేసిన భర్త పోయాక కొడుకును చదివించి, ఉద్యోగంలో పెట్టించి, ఇంటిని పిడికిట్లో పెట్టుకున్న మనిషి. అక్షరం ముక్క రాదు గాని క్యాలెండర్ గళ్లు లెక్కపెట్టడంలో ఆమెను కొట్టేవాళ్లు లేరు.

ఆ ఇంట్లో ముట్టు పాటించేవారు. కోడలు చెప్పిన మరుక్షణం వెనక వరండాలో చాప, వేరే కంచం, వేరే గ్లాసు. మూడు రోజులు అక్కడే. నాలుగోనాడు తలంటు. అచ్చియమ్మ తన భర్త నాటి నీలం పెన్సిలు తీసి, వంటింటి క్యాలెండర్‌లో ఆ రోజు గడికి ఒక గీత గీసేది. కోడలి ఒంట్లో ఏం జరుగుతోందో కోడలికన్నా ముందు ఆ గోడకు తెలిసేది.

1991లో ఆ గోడమీద మే ఏడున ఒక గీత ఉంది, జూన్ నాలుగున ఒకటి, జూలై రెండున ఒకటి. జూలై పద్దెనిమిదిన తిరుమలరావు మూడు నెలల ట్రైనింగుకు భుసావల్ వెళ్లాడు. జూలై ఇరవై ఏడు పొద్దున లంగామీద మరక చూసి ప్రసూన అలవాటుగా "అత్తమ్మా, నేను బయట" అని చెప్పేసింది. చాప వరండాలోకి వచ్చింది, గీత గోడమీద పడింది.

చిన్న మరకే. లేత గులాబీ, మర్నాటికి గోధుమ రంగు. మూడోనాడు అదీ లేదు. లేకపోతే మాత్రం ఆచారం ఊరుకుంటుందా? ప్రసూన వర్షపు జల్లులో చాప లోపలికి లాక్కుంటూ మూడు రోజులూ పూర్తిచేసి, నాలుగోనాడు తలంటు పోసుకుని వంటింట్లోకి వచ్చింది. అప్పుడు ఆమెకు అందులో వింత ఏమీ కనిపించలేదు.

ఆగస్టు మధ్యలో వాంతులు మొదలయ్యాయి. పోపు వాసన పడదు, టీ వాసన పడదు. అచ్చియమ్మ మొదట మజ్జిగ ఇచ్చింది, తర్వాత వాము ఇచ్చింది. ఆగస్టు ఇరవై నాలుగు దాటిపోయినా కోడలు "బయట" అనకపోయేసరికి క్యాలెండర్ ముందు నిలబడింది. కొడుకు రైలెక్కిన గడిమీద ఒక వేలు, నీలం గీతమీద ఇంకో వేలు. రెండిటి మధ్యా తొమ్మిది గళ్లు.

"ఏటే ఇది?" అంది.

ప్రసూన దగ్గరికి వచ్చి ఆ వేళ్లవైపు చూసింది.

"బాబు పద్దెనిమిదిన ఎళ్ళిపోనాడు. నువ్వు ఇరవై ఏడున బయట కూకున్నావు. ముట్టయితే కడుపు ఖాళీ అన్నమాటే కదా? మరి ఇదెప్పుడొచ్చింది? ఎవులిది?"

"దేవుడి మీద ఒట్టు అత్తమ్మా..."

"దేవుడ్ని మద్దిలోకి లాగకు. నా గీత అబద్ధమా?"

గీత అబద్ధం కాదు. మరక ప్రసూన తనే చూసింది, తనే చెప్పింది, ఊరంతా చూసేలా మూడు రోజులు వరండాలో కూర్చుంది. పక్క క్వార్టర్ మంగాయమ్మ గోడ మీంచి పలకరించింది కూడా. తప్పు చెయ్యలేదని తనకు తెలుసు. కాని తన దగ్గర ఒక్క ముక్క సాక్ష్యం లేదు, ఎదుటివైపు సాక్ష్యం మొత్తం తన నోటితో ఇచ్చిందే. కొన్నిసార్లు తనకే అనుమానం వచ్చేది. నా ఒంట్లో నాకు తెలియకుండా ఏమైనా జరిగిందా అని వెర్రిదానిలా ఆలోచించేది.

అచ్చియమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. వీధి తలుపు గడియ పెట్టడం మొదలుపెట్టింది. కుళాయి దగ్గరికి తానే వెళ్లింది. మొగుడికి రాసిన ఇన్‌లాండ్ కవరును "నాను పోస్టు సేయిస్తాను, ఇలా ఇయ్యి" అని తీసుకుని బియ్యం డబ్బా వెనక పెట్టింది. అది అక్కడే ఉందని ప్రసూన రోజూ బియ్యం తీసేటప్పుడు చూసేది. పుట్టింటివాళ్లకు రాయడానికి కవరే లేదు. గూడ్సు బళ్లు వెనకనుంచి పోతూనే ఉండేవి, ఒక్కటీ ఆమెకు పనికొచ్చేది కాదు.

ఐదో రోజు సాయంత్రం "చీర మార్చుకో" అంది అత్తగారు. "తార్‌బహార్ ఎళ్దాం. బాబు వచ్చీలోగా ఇది తీయించీయాల. ఎవులికీ తెలీకూడదు."

రిక్షాలో ప్రసూన పక్కకు దూకేద్దామా అనుకుంది. దూకి ఎక్కడికి పోతుంది? చేతిలో రూపాయి లేదు, హిందీ నాలుగు ముక్కలకు మించి రాదు. పొట్టమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

తార్‌బహార్ పేటలో శాంతాదేవి ఇల్లు తెలుగువాళ్లందరికీ తెలిసిందే. ఆసుపత్రిలో ప్రసూతి వార్డు సిస్టరు, విజయనగరం ఆవిడ. ఆ కాలనీలో సగం మంది పిల్లల బొడ్డు కోసింది ఆవిడే. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటోంది. అచ్చియమ్మ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది.

"అచ్ఛా. తీయించడం సంగతి తర్వాత. అది డాక్టరమ్మ పని, అదీ ఈ పిల్ల ఒప్పుకుంటేనే," అని ప్రసూనవైపు తిరిగింది. "ఎంత పోయింది నీకు, ఆ శనివారం?"

"మామూలే సిస్టరమ్మా," అంది అచ్చియమ్మ.

"నిన్నడగలేదు అక్కా."

"మరకే అండి. కొంచెం," అంది ప్రసూన.

"రంగు?"

"మొదట లేత గులాబీ. తర్వాత గోధుమ."

"గడ్డలు పడ్డాయా? నడుం లాగిందా, పొత్తికడుపు ఎప్పటిలా నొప్పి వచ్చిందా?"

"లేదండి. మామూలుగా రెండోనాడు లేవలేను. ఈసారి ఏమీ లేదు."

అచ్చియమ్మ పళ్లు కొరికింది. "ఇప్పుడు ఏటైనా సెప్తాది."

శాంతాదేవి ఆవిడ వైపు చూసింది. "నిజమే, ఈ పిల్ల ఏమైనా చెప్పొచ్చు. నువ్వు చెప్పు. మైలగుడ్డలు ఉతికి తీగమీద ఆరేస్తాది కదా, నీ కళ్లముందే. ఎన్ని ఆరేసింది?"

ప్రసూన తలెత్తి అత్తగారి మొహం చూసింది. తన బతుకు ఇప్పుడు ఆ నోట్లో ఉంది. ఎప్పటిలా ఆరు అంటే ఆరే. ఆవిడ మాట కాదనేవాళ్లెవరు?

అచ్చియమ్మ చాలాసేపు చీర కొంగు మడత పెట్టింది. లెక్క విషయంలో ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్కదాని మీదే ఆమె పెత్తనమంతా నిలబడి ఉంది.

"ఒకటే," అంది. "ఎప్పుడూ ఆరు. అప్పుడు ఒకటే."

"ముట్టు ఎప్పుడు రావాల్సింది?"

"మంగళవారం. ఈ గుంటకి ఎప్పుడూ మంగళవారమే. గీతలన్నీ ఒక వరసలోనే ఉంతాయి. ఇది శనివారం వచ్చీసింది. స్వామి పూజనాడు వచ్చీసిందేటని తిట్టినాను కూడాను."

చెబుతూ చెబుతూనే ఆమె వేళ్లమీద రోజులు లెక్కపెట్టింది. 

"మూడు రోజులు ముందు," అంది శాంతాదేవి. "అక్కా, పిండం ఏర్పడ్డాక గర్భసంచి గోడకి అంటుకుంటాది. అప్పుడు కొందరికి కాస్త మరక కనబడతాది. అందరికీ కాదు. పిండం పడ్డ పది, పన్నెండు రోజులకి. అంటే ముట్టు తేదీకి కొంచెం ముందో, ఆ దగ్గర్లోనో. అందుకే చదువుకున్నవాళ్లు కూడా ముట్టే అనుకుంటారు. అది గులాబీగానో గోధుమగానో ఉంటాది, ఒక పూటో రెండు రోజులో. పెరగదు, గడ్డలు పడవు. ముట్టయితే రోజురోజుకీ ఎక్కువై, ఎర్రగా పోయి, తర్వాత తగ్గుతాది. నీ కొడుకు వెళ్లకముందే కడుపు పడింది. ఆ శనివారం నువ్వు వరండాలో కూర్చోబెట్టింది నీ మనవడినే."

"మరి అంత ఖాయంగా ఎలా సెప్తారు?" అచ్చియమ్మ గొంతు తగ్గింది.

"గుడ్డ చూసి ఖాయంగా చెప్పకూడదు. కడుపుతో ఉండగా మరక కనబడితే వేరే కారణాలూ ఉంటాయి, చూపించుకోవాల్సిందే. రేపు పొద్దున మొదటి మూత్రం పట్టుకుని రండి. డాక్టరమ్మ గర్భసంచి ఎంత పెరిగిందో చెయ్యి పెట్టి చూస్తాది. నీ గీత ప్రకారమైతే నెల రోజులది. నా లెక్క ప్రకారం, అంతకుముందు ముట్టు నుంచి, రెండు నెలలు దాటింది. అది దాయడం ఎవరి తరమూ కాదు."

ఆ క్షణంలో ప్రసూనకు ఊరట కలగాలి. కలగలేదు. ఒళ్లు మండింది. తను చెబితే ఎవరూ నమ్మనిది తీగమీది గుడ్డ చెబితే నమ్మారు. ఏడుపు వచ్చింది, కాని అక్కడ ఏడవకూడదనుకుని పంటితో పెదవి నొక్కుకుంది.

మర్నాడు పరీక్షలో కడుపేనని తేలింది. డాక్టరమ్మ చూసి రెండు నెలలు దాటిందని చెప్పి, చీటీమీద చివరి ముట్టు జూలై రెండు అని రాసింది. కాన్పు ఏప్రిల్ తొమ్మిది, అటూ ఇటుగా. తిరిగి వస్తుంటే అచ్చియమ్మ రిక్షా ఆపించి జామకాయలు కొంది. "ఉప్పూ కారం వెయ్యించమంటావేటి?" అని అడిగింది. అంతకుమించి ఆమె నోటినుంచి ఇంకేం రాలేదు. ఇన్‌లాండ్ కవరు ఆ సాయంత్రం పోస్టయింది.

అయితే అంతటితో విడుదల దొరికిందనుకోకండి. తొలి కాన్పుకు పుట్టింటికి పంపలేదు. రైలు కుదుపు పడదని పైకి కారణం. ప్రసూనకు అసలు కారణం తెలుసు. ఏప్రిల్ తొమ్మిదా, మే మొదటివారమా, అత్తగారి కళ్లముందే తేలాలి. మొగుడు ట్రైనింగు ముగించుకుని వచ్చి నవ్వుతూ తిరుగుతున్నా, ఆమె మాత్రం ఏడు నెలలూ ఆ గళ్ల మధ్య తిరిగింది. కొత్త ఏడాది క్యాలెండర్ తగిలించినప్పుడు ముందు ఏప్రిల్ కాగితమే ఎత్తి చూసింది.

ఏప్రిల్ పదకొండున ఆడపిల్ల పుట్టింది. నిండు నెలల బిడ్డ, మూడు కిలోలు. అచ్చియమ్మ చేతిలోకి తీసుకుని, వేళ్లమీద నెలలు లెక్కపెట్టడం మరిచిపోయి, ముద్దు పెట్టుకుంది. ప్రసూన మొహం గోడవైపు తిప్పుకుని అప్పుడు ఏడ్చింది.

సెప్టెంబరులో ఒక పొద్దున ఆమెకు మళ్లీ ముట్టు వచ్చింది. ఎర్రగా, నడుం లాగుతూ, అనుమానానికి తావు లేకుండా. ఆమె స్నానం చేసి, నేరుగా వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించింది. మధ్యాహ్నం మూడు గుడ్డలు తీగమీద ఆరేసింది, అందరికీ కనబడేలా.

అచ్చియమ్మ వరండాలోంచి చూసింది. లోపలికి వచ్చి నీలం పెన్సిలు తీసింది. క్యాలెండర్ ఉండే మేకు ఖాళీగా ఉంది. కోడలు పొయ్యి దగ్గర టీ కాస్తూ, వెనక్కి తిరక్కుండా నిలబడి ఉంది.

"క్యాలెండరేదే?"

"తీసేశాను అత్తమ్మా. నా లెక్క నేను చూసుకుంటాను."

ఉయ్యాల్లో పిల్ల కదిలింది. అచ్చియమ్మ పెన్సిలు గూట్లో పెట్టేసి పీట లాక్కుని కూర్చుంది.

"పంచదార తక్కువెయ్యి," అంది. ముట్టైన కోడలి చేతి టీ ఆమె తాగడం అదే మొదటిసారి.