గోకిన ముద్ర

పెళ్లి పత్రిక ఇచ్చినా సరే, కృపారాణి ముందు దాన్ని వెనక్కి తిప్పి వేలితో తడిమేది. రెండేళ్ల కొలువు ఆమెకు నేర్పిన గుణం అది. కోరుట్లలో ఇంటి ముందు కూర్చుని బీడీలు చుట్టే తల్లి పోశవ్వ అది చూసి, "పిలిచినోళ్లు మంచిగనే పిలిచిండ్రు గని, పోయి తిన్నంక అనుమానపడుదువు తియ్యి" అనేది. కృపారాణి నవ్వేది, కానీ తడమడం మానేది కాదు.

ఆ కొలువు జగిత్యాలలో. ఇన్వర్టర్ బ్యాటరీలు హోల్‌సేల్‌గా అమ్మే ప్రకాశ్ దుకాణంలో వారంటీ కౌంటర్ ఆమెది. గడువులోపల బ్యాటరీ చెడిపోతే కొన్నవాడు బిల్లు, వారంటీ కార్డు తెచ్చి చూపించాలి. అవి సరైనవని ఆమె రాస్తే కంపెనీ కొత్తది ఇస్తుంది. డిగ్రీ చదివి, పొలం పుట్ర లేని ఇంట్లో మొదటి నెలజీతం తెచ్చింది ఆమే. ఆ కుర్చీ మీద ఆమెకున్న ప్రేమ అంతా ఇంతా కాదు.

అప్పుడు, రెండువేల పదకొండులో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. బొగ్గు తవ్వేవాళ్లు కూడా పని ఆపేయడంతో కరెంటు కోతలు పెరిగాయి. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే ఎవరు మాత్రం బరువైన బ్యాటరీ మోసుకుని జగిత్యాల వస్తారు? అందుకని కంపెనీ ఒక వెసులుబాటు ఇచ్చింది. బ్యాటరీ పక్కన బిల్లు, కార్డు పెట్టి, మూడూ ఒకే ఫొటోలో పడేలా తీసి నెట్ సెంటర్ నుంచి పంపితే చాలని చెప్పింది. వెసులుబాటు జనానికి, తలనొప్పి కృపారాణికి.

కాగితం చేతిలో ఉంటే సగం సంగతి వేళ్లే చెప్తాయి. ఫొటోలో కళ్లే దిక్కు. అయినా ఆమె చాలానే పట్టుకుంది. ప్రెస్సులో అచ్చయిన కార్డు మీద అక్షరాల అంచులు కోసినట్టుంటాయి. ఇంట్లో ప్రింటర్ మీద తీసిన నకలు మీద రంగు కాగితంలోకి పాకి అంచులు నూగుగా కనిపిస్తాయి. రబ్బరు ముద్ర చేత్తో వేసేది కాబట్టి ఒక వైపు సిరా ఎక్కువ, ఒక వైపు తక్కువ పడుతుంది. అక్షరం అంచున సిరా గట్టుకట్టి మధ్యలో పలచబడుతుంది. ముద్ర మొత్తం ఒకే చదును రంగులో ఉంటే అది వేసిన ముద్ర కాదు, బిల్లుతో పాటే ప్రింటైన బొమ్మ. ఆ లెక్కన కోరుట్ల నుంచి, మెట్‌పల్లి నుంచి వచ్చిన కొన్ని దొంగ క్లెయిములను ఆమె ఆపేసింది. అయినా ఏవో కొన్ని జారిపోయాయని కంపెనీకి అనుమానం. "ఇకనుంచి ఒక్క దొంగ బిల్లు పాసైనా సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత" అని మెయిల్ పెట్టింది. అది చదివినప్పటి నుంచి కృపారాణికి తిన్నది ఒంటపట్టడం లేదు.

అలాంటి రోజుల్లో సిరిసిల్ల నుంచి జైపాల్ అనే అతని ఫొటో వచ్చింది. ఉండేది తంగళ్ళపల్లి, కొన్నది సిరిసిల్లలో హన్మంతు దుకాణంలో, కిందటేడు ఎండాకాలం. బిల్లు నలిగి ఉంది. కార్డు ఒక మూల తడిసి ఉబ్బింది. అంతవరకు బాగానే ఉంది. ముద్ర దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. గుండ్రటి ముద్రలో కింది భాగం కొరికేసినట్టు ఖాళీగా ఉంది. ఒక్కో డీలరు ముద్ర నమూనా ఫైల్లో ఉంటుంది. తీసి పక్కన పెట్టి చూసింది. నమూనాలో ఊరు, జిల్లా, ఆ తర్వాత ఏ.పీ. అని నిండుగా ఉంది. జైపాల్ బిల్లు మీద ఏ.పీ. ఉండాల్సిన చోట ఏమీ లేదు, వంకర గీతలు రెండు తప్ప. అంతకుముందు హన్మంతు దుకాణం పేరు మీదే రెండు క్లెయిములు వచ్చాయి. వాటి ముద్రలు నమూనాతో అచ్చంగా కలిశాయి కాబట్టి పాస్ చేసింది. ఇది కలవలేదు. భయం ఒక పక్క తరుముతుంటే ఆలోచన ఎక్కడ నిలుస్తుంది? 'ముద్ర నకిలీ' అని రాసి పంపేసింది.

కంపెనీ ఊరుకోలేదు. కేసు పెట్టమని ప్రకాశ్ మీద ఒత్తిడి తెచ్చింది, ఆయన పెట్టాడు.

మూడోనాడు పొద్దున ఒక పెద్దామె చెమటలు కక్కుతూ కౌంటర్ దగ్గరికి వచ్చింది. జీపు కొంత దూరం, ఆటో కొంత దూరం, రాస్తారోకో ఉన్నచోట నడక. కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, నా పేరు బుచ్చవ్వ. జైపాల్ తల్లిని. నా కొడుకును నిన్నటి సంది సిరిసిల్ల టేషన్ల కూసోబెట్టిండ్రు. దొంగ కాయితం పుట్టించిండట. ఇంట్ల మా ముసలాయనకు దమ్ము, ఊపిరాడది. సాంచెల కాడ బట్ట నేసుకుంట దూది దుమ్ము మింగీ మింగీ పానమంత గదే అయింది. కరెంటు పోతే గా మందుపొగ మిషిను నడువాలెనని కొన్నడు బిడ్డా బ్యాటరీ. దొంగతనం జేసెటోడు నెలనెల కిస్తులు కడుతడా?"

కృపారాణి కవరు దగ్గరికి జరుపుకుంది. "కాయితం సూడనియ్యి అవ్వా" అంది.

"సూడు. నువ్వు సదువుకున్న పిల్లవు, నీకు ఎరికైతది. గా దొంగదని రాసినోళ్లు ఎవరో గని, ఆళ్ల చేతులు పడిపోను."

కృపారాణి ఆ చేతులతోనే కవరు విప్పింది. బిల్లు బయటికి రాగానే, చదవకముందే, వేళ్లకు నిజం తెలిసిపోయింది. ఎడమ అంచు గరుకుగా ఉంది, పుస్తకంలోంచి చింపిన చిల్లుల గీత వెంట. వెనక్కి తిప్పితే ఎర్ర నంబరు ఉన్నచోట కాగితం ఉబ్బి వేలికి తగిలింది. నంబరు మిషను నొక్కితే తప్ప ఆ ఉబ్బు రాదు. కింద కార్బన్ పెట్టి గట్టిగా రాసిన బాల్‌పెన్ గీతలు కూడా వెనకవైపు తేలాయి. ముద్ర సిరా కాగితం నూగులోకి ఇంకి ఉంది. ఇవేవీ ఫొటోలో పడవు. ఇంత నిక్కమైన బిల్లు ఆమె ఈ మధ్య చూడలేదు.

"మరి గీ ముద్ర ఎందుకు గిట్ల సగమున్నది అవ్వా?"

బుచ్చవ్వ ఆమెను వింతగా చూసింది. "నువ్వు గీ దేశంల లేవా బిడ్డా? ఏ.పీ. అని ఉన్నదని గా హన్మంతు పటేలు బ్లేడుతోని గోకేసిండు. బోర్డు మీద గూడ సున్నం కొట్టిండు."

కృపారాణి బిల్లు మీది వంకర గీతలను మళ్లీ చూసింది. తమ్ముడు సురేశ్ బండి నంబర్ ప్లేటు మీద ఏ.పీ. చెరిపి టీ.జీ. రాయించుకున్నాడు. రోజూ ఆ బండి మీదే ఆమె కొలువుకు వస్తోంది. ఊరూరా బోర్డుల మీద ఆ రెండక్షరాలకు మసి పూశారు. అన్నీ చూసింది, ముద్రకు మాత్రం ఆ ఆలోచన తగిలించుకోలేదు. ఎంత బుద్ధి తక్కువ పని.

హన్మంతుకు ఫోన్ చేసింది. "అవు మేడం, నేనే కోసిన" అన్నాడాయన. "తెలంగాణ ఇస్తమని మాట తప్పిండ్రు సూడు, రెండువేల తొమ్మిది డిసెంబర్ల, గప్పుడే. నా దగ్గర ఉన్నది గదొక్కటే ముద్ర. గప్పటి సంది నిండు ముద్ర ఏ బిల్లు మీద పడలే."

ఫోన్ పెట్టేశాక అసలు భయం మొదలైంది. తను పాస్ చేసిన ఆ రెండు బిల్లులు గుర్తొచ్చాయి. రెండిటి మీదా తేదీ రెండువేల పది, రెండిటి మీదా నిండు ముద్ర. ఫొటోలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టింది. రెండిట్లోనూ ముద్ర ఒకే వంపున ఉంది. ఒకే అక్షరం 'మొత్తం' అన్న గడి గీతను ఒకే చోట తాకుతోంది. చేత్తో వేసే ముద్ర రెండు సార్లు అలా పడనే పడదు. ఎవడో పాత బిల్లు ఒకటి సంపాదించి, ముద్రతో సహా స్కాన్ చేసి, పేరు, తేదీ, నంబరు మార్చుకున్నాడు. నమూనా కూడా ఆ పాతకాలానిదే, అందుకే చక్కగా కలిసింది. ముద్ర నిండుగా ఉందని దొంగను గెలిపించి, విరిగి ఉందని నిజాయితీపరుడిని స్టేషన్‌లో కూర్చోబెట్టింది.

లోపలికి వెళ్లి ప్రకాశ్‌కు అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ తలుపు దగ్గరికి వేశాడు.

"కృపా, కేసు వాపసు తీసుకుంట. పొరపాటైందని ఒక్క ముక్క రాయి, సాలు. ముద్ర ముచ్చట ఎత్తకు. ఎత్తితివా, గా రెండు బయటపడుతయి. నీ కొలువు పోతది."

"ముద్ర ముచ్చట లేకుంటే గా పిలగాని కాయితం నిజమైందని ఎట్ల రుజువైతది సార్? కేసు పోతది, దొంగ అన్న పేరు పోదు. ఆళ్లకు బ్యాటరీ గూడ రాదు."

బీడీలు చుట్టి చుట్టి వంకరపోయిన తల్లి వేళ్లు కృపారాణి కళ్లముందు మెదిలాయి. కిరాయి ఇల్లు గుర్తొచ్చింది. అయినా కూర్చుని రాసింది. జైపాల్ బిల్లు ఎందుకు నిజమో రాసింది, తను పాస్ చేసిన రెండూ ఎందుకు దొంగవో రాసింది, కింద సంతకం పెట్టింది. ప్రకాశ్ ఆ కాగితాన్ని చదివి, దుకాణం ముద్ర తనే వేసి ఇచ్చాడు. సిరిసిల్లకు తన జీపు కూడా ఇచ్చాడు.

బయట బుచ్చవ్వ నీళ్లు తాగి ఎదురుచూస్తోంది. "అయ్యిందా బిడ్డా? మంచిదానివి. నీ కడుపు సల్లగుండ."

ఆ దీవెన కృపారాణి మోయలేకపోయింది.

"అవ్వా, గది దొంగదని రాసింది నేనే."

బుచ్చవ్వ బల్ల మీది బిల్లును తీసుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మళ్లీ కొంగున ముడేసుకుంది. జీపులో ముందు సీట్లో కూర్చుంది. వేములవాడ దాటినా, సిరిసిల్ల వచ్చినా వెనక్కి తిరగలేదు. కృపారాణి తన ఉత్తరం ఒళ్లో పెట్టుకుని, ఆమె మెడ వెనక నెరిసిన జుట్టును చూస్తూ కూర్చుంది.

స్టేషన్ వరండాలో జైపాల్ గోడకు ఆనుకుని ఉన్నాడు. తల్లిని చూసి లేచాడు. "నాయిన ఎట్లున్నడు?" అన్నాడు మొదట.

"ఉన్నడు తియ్యి" అంది బుచ్చవ్వ. ఎస్సై గది దగ్గర ఆగి, కొంగు ముడి విప్పి, బిల్లు కృపారాణి వైపు చాచింది. చేయి మాత్రం వెంటనే వదల్లేదు.

"నాకు గీ అచ్చుల ముచ్చట సెప్పరాదు. నువ్వే సెప్పు. గని నా ముంగట సెప్పు, నా కొడుకు ఇనంగ సెప్పు."

కృపారాణి బిల్లు అందుకుని ఎస్సై ముందు బోర్లా పెట్టింది.

"సార్, ముందుగాల్ల గీ ఎన్క ఏలు పెట్టి సూడుండ్రి. మొన్న నేను సూడలే" అంది.