ఆ ఉదయం నేనొక్కడినే తల ఊపాను

డెబ్బైల్లో విజయవాడ గవర్నరుపేటలో ఒక ఎరువుల కంపెనీలో గుమాస్తాగా చేరాను. మా మేనేజరుగారు డీలర్లు వస్తే నవ్వుతూ చెయ్యి కలిపేవారు. యజమాని వస్తే లేచి రెండు చేతులూ జోడించేవారు. మేము లేచి "నమస్కారమండీ" అంటే మాత్రం నడుస్తూనే, మావైపు చూడకుండా తల కాస్త ఆడించేవారు.

"ఆయనకి చేతుల్లేవా? రేపట్నుంచి మనమూ 'గుడ్ మార్నింగ్' అని తల ఊపుదాం. చేతులు మాత్రం లేపొద్దు" అన్నాడు పక్క సీటు ప్రసాదరావు. టీ తాగుతూ ఆరుగురం ఒప్పుకున్నాం.

"నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు బాబూ" అన్నాను.

"నాది మాత్రం అయిందా? నేనున్నాగా, భయపడకు."

మర్నాడు మేనేజరుగారు లోపలికి రాగానే చేతులు కిందికి వదిలేసి, "గుడ్ మార్నింగండీ" అని తల ఊపాను. పక్కకు చూస్తే, మిగిలిన ఐదుగురూ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. అందరికంటే ఎక్కువ వంగింది ప్రసాదరావే.

మేనేజరుగారు నా ముందు ఆగారు. "ఏమయ్యా, మెడ పట్టేసిందా?"

"తలగడ సరిగ్గా లేదేమోనండీ, పాపం!" అని అందించాడు ప్రసాదరావు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆ నెలలోనే ప్రసాదరావు ఉద్యోగం పర్మనెంటయింది. మేనేజరుగారు తనే ముందుగా చెయ్యి చాచి అతన్ని అభినందించారు. నాది ఇంకో ఏడాది ఆగింది.

మేనేజరుగారి మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయన నాకు ఏ మాటా ఇవ్వలేదు. మాట ఇచ్చి, నా పక్కనే నిలబడి జోడించిన ఆ రెండు చేతుల్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.