సిగ్గు ఎవరిదో, తప్పు ఎవరిదో

నా చిన్నప్పుడు నేను నిండుగా, ఏ దాపరికం లేకుండా ద్వేషించిన మనిషి ఒక్కరే. మా హాస్టల్ వార్డెనమ్మ. ఈ మాట రాయడానికి నాకు ఇప్పుడు భయం లేదు. ఒకప్పుడు డైరీలో కూడా రాసేదాన్ని కాదు, ఎవరైనా చదువుతారని.

చర్ల ఊరు దాటి అడవి మొదలయ్యే చోట ఉండేది మా హాస్టల్. మూడో తరగతిలో నన్ను అక్కడ చేర్చారు. ఆ ఏడంతా నిద్రలో పక్క తడిపేదాన్ని. వార్డెనమ్మ దగ్గర దానికొక పద్ధతి ఉండేది. పక్క తడిపిన పిల్ల ఆ దుప్పటిని తల మీద వేసుకుని, ప్రార్థన అయ్యేదాకా కుళాయి దగ్గర నిలబడాలి. మిగతా పిల్లలు వరుసలో ఆ పిల్ల ముందునుంచే పోవాలి. ముక్కు మూసుకున్నవాళ్ళను ఆమె ఆపేది కాదు. "సిగ్గు వస్తేనే అలవాటు పోతది" అనేది. నాకు సిగ్గు వచ్చింది. అలవాటు మాత్రం పోలేదు. పడుకుంటే తడుపుతానేమోనని కళ్ళు తెరుచుకుని ఉండేదాన్ని, తెల్లవారుజామున అలసిపోయి మొద్దునిద్రపోయి మళ్ళీ తడిపేదాన్ని.

ఐదో తరగతికి వచ్చేసరికి ఆ అలవాటు దానంతటదే ఆగిపోయింది. కానీ కుళాయి దగ్గర నిలబడ్డ పిల్ల నాలోంచి కదల్లేదు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. ఎవరి పక్కనైనా కూర్చుంటే నా దగ్గర వాసన వస్తోందేమోనని జరిగిపోయేదాన్ని. అందరి ముందు అన్నం తినలేక పళ్ళెం పట్టుకుని మెట్ల వెనక్కి పోయేదాన్ని. ఎనిమిదో తరగతిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాను. అప్పుడే భద్రాచలం దవాఖానా నుంచి, మనసులో బాధలున్న పిల్లలతో మాట్లాడే మేడం బుధవారం బుధవారం నా కోసం రావడం మొదలుపెట్టింది.

ఆ మేడం వాళ్ళది ఖమ్మంలో బట్టల కొట్టు. నల్ల బుర్ఖా తీసి మడిచి సంచిలో పెట్టుకుని, వంటింటి వెనక మెట్ల మీద కూర్చునేది. ఎదురుగా కాదు, నా పక్కన. మొహంలోకి చూడమని ఎన్నడూ అనలేదు. మొదటి నాలుగు వారాలు నేను మాట్లాడనే లేదు. ఒక బుధవారం దుప్పటి సంగతి సగం చెప్పేశాను. చెప్పినందుకు ఒళ్ళు మండిపోయినట్టయ్యి, తర్వాతి బుధవారం బాత్రూంలో దాక్కున్నాను. ఆమె వెతకలేదు, తలుపు కొట్టలేదు. గంటసేపు మెట్ల మీదే కూర్చుని పోతూ పోతూ హాస్టల్లో పనిచేసే ఆయమ్మతో ఒక మాట చెప్పి పంపింది.

"వచ్చే బుధవారం గూడ ఇక్కడనే ఉంటదట," అంది ఆయమ్మ. "దాసుకున్నా సరే, రాకున్నా సరే, కోపం లేదట."

సిగ్గు పడ్డ మనిషిని చూసి కూడా చీదరించుకోని మనిషి ఉంటుందని నాకు అది మొదటిసారి తెలిసింది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా మాట్లాడాను. మాట్లాడుతుండగా నా మెడ వంగిపోతే, "ఇప్పుడు మెడ వంగింది. దానికి ముందు ఏ మాట లోపల వినిపించింది?" అని అడిగేది. ఆ మాట చెబితే, "ఆ గొంతు ఎవరిది?" అనేది. నా గొంతు అనుకున్నాను ఐదేళ్ళు. చెవి పెట్టి వింటే అది వార్డెనమ్మ గొంతు. గాఢనిద్రలో కొందరు పిల్లలకు ఒంట్లో కబురు మెదడుకు అందదని, చాలా ఇళ్ళలో ఉండేదేనని, తిడితే ఇంకా పెరుగుతుందని కూడా చెప్పింది. "గిది తెలిసినంత మాత్రాన పోదు. తెలివికి తెలుస్తది, ఒంటికి తెల్వాలె. జర టైం పడతది," అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ళ ముందు వార్డెనమ్మ నన్ను పిలిచి నా భుజం మీద చెయ్యి వేసింది. "మీ పిల్లలకేం భయం లేదు. గీ పొడుగు పిల్లను సూడుండ్రి, రోజూ పక్క తడిపేది. తల మీద దుప్పటి ఏసి నిలబెట్టి నేనే బాగుచేసిన," అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

మరునాడు కంచె అవతల దూలగొండి కాయలు చూశాను. మా వైపు పిల్లలందరికీ తెలుసు, ఆ కాయ మీది బంగారు రంగు నూగు ఒంటికి తగిలితే చర్మం ఒలుచుకోవాలనిపిస్తుంది. రెండు ఆకుల మధ్య ఒక కాయను పట్టుకొచ్చి, వరండాలో ఆరేసిన వార్డెనమ్మ టవల్ మీద దులిపాను. ఆమె గీరుకుంటూ అందరి ముందు ఎగరడం, పిల్లలు ముక్కు మూసుకుని నవ్వడం, అన్నీ ముందే చూసుకున్నాను. అంత హాయిగా నాకు అంతకుముందెప్పుడూ లేదు.

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. మూడో తరగతి పిల్ల ఒకతి బయట తడిసి వణుకుతూ వచ్చింది. బయట తీగ మీది బట్టలన్నీ నానిపోయాయి. పొడిగా ఉన్నది వరండాలో ఆ ఒక్క టవలే. ఆయమ్మ దాన్ని లాగి పిల్ల తల, మొహం, మెడ, వీపు తుడిచింది. కాసేపటికి ఆ పిల్ల అరుపు హాస్టలంతా వినబడింది.

"రుద్దకు బిడ్డా, రుద్దకు! నీళ్ళు పొయ్యకుండ్రి!" అంటూ ఆయమ్మ పేడ తెచ్చి పట్టించి, ఆరాక వలిచి నూగు తీసింది. కానీ కళ్ళలో పడింది తీయలేకపోయింది. పిల్లను చర్ల దవాఖానాకు తీసుకుపోయారు. వార్డెనమ్మ కోపమంతా ఆయమ్మ మీద తిరిగింది.

"నా టవల్ ముట్టుకోమని ఎవ్వలు చెప్పిండ్రు నీకు? అడవిల కట్టెలకు పోయి ఆ నూగు నువ్వే అంటించుకొచ్చినవ్. ఆఫీసర్ సారు శుక్రవారం వస్తుండు. సారుకు చెప్పి నిన్ను తీసేపిస్త!"

ఆయమ్మకు ముగ్గురు పిల్లలు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను స్తంభం వెనక ఉన్నాను, చెప్పలేదు. ఆ రెండు రోజులు నా తలలో తిరిగిన మాటలు ఇవాళ గుర్తు చేసుకుంటే నాకే ఆశ్చర్యం. ఆ చిన్నది వానలోకి ఎందుకు పోవాలి? ఆయమ్మ ఆ టవల్ ఎందుకు తియ్యాలి? అంతా వార్డెనమ్మ వల్లే. తెలిస్తే నన్ను ఇక ఏమని పిలుస్తారో. పారిపోవాలి, చచ్చిపోవాలి. ఇన్ని మాటల్లో ఆ పిల్ల కళ్ళు ఒక్కసారి కూడా లేవు.

బుధవారం మేడం వచ్చింది. "నేను చెడ్డదాన్ని మేడం," అన్నాను.

"అచ్చా. చెడ్డదానివి అయితే ఇప్పుడేం చెయ్యాలె?"

"ఎక్కడికన్నా పోవాలె. ఎవ్వలకూ కనబడొద్దు."

"మరి ఏం చేసినవ్?"

చెప్పాను. ఆమె ఉలిక్కిపడలేదు, "పర్వాలేదు" అని కూడా అనలేదు. ఒకటే అడిగింది. "ఆ పిల్లకు ఎక్కడెక్కడ దద్దుర్లు ఉన్నయ్?"

దవాఖానా నుంచి వచ్చి ఆ పిల్ల మా పక్క గదిలోనే పడుకుని ఉంది. నేను అటు చూడనే లేదు.

"పోయి చూసి రా," అంది. "నిన్ను నువ్వు చూసుకోకు. ఆమెను చూడు."

వెళ్ళాను. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మెడ మీద గోళ్ళ గీతలు, వాటి మీద ఎండిన నెత్తురు. గీరుకోకుండా చేతులకు సాక్సులు తొడిగారు. ఆ పిల్ల ఒక్క కన్నుతో నన్ను చూసి, "అక్కా, వీపు మీద ఊదవా," అంది. ఊదాను. ఊదుతుంటే నాలో ఒక మంట లేచింది. అది పాత మంట కాదు. పాత మంట నన్ను గోడలోకి దూరమనేది. ఇది ఆ పిల్ల దగ్గరే కూర్చోమంది.

తిరిగొచ్చాక మేడం మెల్లగా చెప్పింది. "చెడ్డదానివి అయితే చెయ్యనీకి ఏం లేదు, దాక్కోవుడే. లేకుంటే ఇంకొకరి మీద పడుడే. చెడ్డపని చేసినవైతే చేతులకు పని ఉంది. సిగ్గు నీ దిక్కే చూసుకుంటది. తప్పు చేసిన బాధ అవతలి మనిషి దిక్కు చూస్తది. నీకు రెండూ ఉన్నయ్. దుప్పటి సిగ్గు నీది కాదు, నీ నెత్తి మీద వేసిన్రు. టవల్ తప్పు మాత్రం నీదే."

"ఆమె మీద కోపం పోతలేదు మేడం."

"పొమ్మని ఎవ్వలన్నరు? కోపం నిజమే. అది సరైన మనిషి మీదికి పోలే, గంతే. నేను ఎవ్వలకూ చెప్ప. నువ్వు చెప్తా అంటే శుక్రవారం పక్కన కూర్చుంటా."

శుక్రవారం హాస్టల్ తనిఖీకి వచ్చిన ఆఫీసర్ సారు ముందు ఆయమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నా మెడ అలవాటుగా వంగింది. మేడం పక్కనే కుర్చీలో కూర్చుంది. "ఆయమ్మ చెయ్యలేదు సార్, ఆ నూగు నేను వేసిన," అన్నాను. ఎందుకని ఆయన అడిగారు. ఇక నేను ఆగలేదు. కుళాయి, దుప్పటి, ప్రార్థన వరుస, ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, మొన్న తల్లిదండ్రుల ముందు నవ్వులు, అన్నీ. వార్డెనమ్మ "అబద్ధం సార్, దొంగపిల్ల" అంది. అప్పుడు వెనక నిలబడ్డ పిల్లల్లోంచి ఒక చిన్న గొంతు, "నన్ను గూడ నిలబెట్టింది సార్." ఇంకొకటి, "నన్ను గూడ." మొత్తం పదకొండుమంది. వార్డెనమ్మ మొహం ముడుచుకుపోవడం నేను కళ్ళారా చూశాను. మంచి పిల్లనైతే జాలిపడేదాన్నేమో. నాకు మాత్రం, అబద్ధమెందుకు, తియ్యగా ఉంది. దూలగొండి తీర్చలేని పగ నిజం తీర్చింది. నా తప్పు నేను ముందు ఒప్పుకోకపోతే ఆ నిజం నా నోట్లోంచి వచ్చేదే కాదు.

ఆయమ్మ పని నిలిచింది. దగ్గరికొచ్చి, "ముందే చెప్తే ఏమాయె పిల్లా, నాలుగు రోజులు బువ్వ తినలే నేను," అని నెత్తిన మొట్టింది. ఆ మొట్టికాయ నాకు న్యాయంగానే తోచింది. నెలరోజులు ఆ చిన్నపిల్ల బట్టలు ఉతికాను, కంట్లో మందు వేశాను. కన్ను బాగైంది. వార్డెనమ్మను వేరేచోటికి పంపారు. అంతే, శిక్ష కాదు. నాకు అది ఇప్పటికీ చాలదు.

సిగ్గు ఒక్క శుక్రవారంతో పోలేదు. మేడం ఇంకో ఏడాదిన్నర వచ్చింది. కళ్ళు మూసుకుని కుళాయి దగ్గరి పిల్లను చూడమంటే మొదట్లో నాకు ఆ పిల్ల మీద అసహ్యమే వేసేది. మేడం తొందరపెట్టలేదు. "పక్క గదిలో పిల్లకు ఊదినవ్ కద, ఈ పిల్లకు ఏం చేస్తవ్?" అనేది. ఎన్నో వారాలకు గాని ఆ పిల్ల తల మీది దుప్పటి తీసి పక్కన పడేయలేకపోయాను. మధ్యలో మేడం చెప్పిన చిన్న చిన్న పనులు, అందరితో కూర్చుని నాలుగు ముద్దలు తినడం, వారానికొకసారి చెయ్యి ఎత్తడం. కొన్ని వారాలు ముందుకు, కొన్ని వెనక్కి.

ఇప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. మాటలు తక్కువే, పుస్తకాలే ఎక్కువ. వార్డెనమ్మను క్షమించలేదు. క్షమించాలని మేడం కూడా ఎన్నడూ అడగలేదు. ఇప్పటికీ ఏదో ఒక రోజు లోపలి గొంతు "నువ్వింతే" అంటుంది. అప్పుడు కాగితం తీసి, "ఈరోజు ఎవరికి ఏం చేశాను?" అని రాసుకుంటాను. జవాబు దొరికితే తెల్లారి వెళ్ళి వాళ్ళను చూసి, సరిచేసి వస్తాను. దొరక్కపోతే ఆ సిగ్గు నాది కాదు. ఎవరిదో వాళ్ళ పేరు రాసి, కింద గీత గీసి, హాయిగా నిద్రపోతాను.