పరావలయం మీద కాఫీ

నేను ఆకివీడు హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో, ఫోర్తు ఫారం దాటే పిల్లల్ని పై తరగతుల్లో ఏ లెక్కలు తీసుకుంటారో అడిగి రాసుకునేవాళ్ళు. జనరల్ అంటే వడ్డీలూ, గోడల కొలతలూ. కాంపోజిట్ అంటే ఆల్జీబ్రా, జామెట్రీ. కాంపోజిట్ తీసుకోకపోతే కాలేజీలో లెక్కల గ్రూపు మీద ఆశ వదులుకోవాల్సిందే. మా స్కూల్లో ఆడపిల్లలకి జనరలే. ఈ రూలు ఎవరు పెట్టారయ్యా అంటే ఎవరూ పెట్టలేదు, అలా జరిగిపోతోందంతే. ఇలాంటి "అంతే"లు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు ఒక పిల్ల "నాకు కాంపోజిట్ కావాలండీ" అని నా దగ్గరికొచ్చింది. కొల్లేట్లో తిరిగే పడవలు చేసే వడ్రంగి కూతురు. లెక్క ఇస్తే అన్నం కూడా మర్చిపోయే రకం. దాన్ని వెంటబెట్టుకుని హెడ్మాస్టారి గదికి వెళ్ళాను. ఆయనది తాడేపల్లిగూడెం. ఆయనా లెక్కల మనిషే, గొంతు పెంచి ఎరగరు.

"ఏవండీ, రేపు ఆ అమ్మాయి ఇంట్లో చేసుకునే పనికి ఈ లెక్కలు ఎక్కడ పనికొస్తాయో ఒక్కటి చూపించండి. వెంటనే సంతకం పెట్టేస్తాను" అన్నారు మెత్తగా. అంత మెత్తగా అన్నందుకే నాకు మరీ మండింది.

"వచ్చే శనివారం మీకు పెరబోలాతో కాఫీ కాచి ఇస్తానండీ" అనేశాను.

అన్నమాట వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. ఏలూరు కాలేజీలో పెరబోలా, అదే పరావలయం, గురించి పరీక్షకి చదివానే గానీ, దాన్ని చేత్తో చేసింది లేదు. అయినా చేసి తీరాలనుకున్నాను.

పాత న్యూస్‌పేపర్లు అంటించి పెద్ద కాగితం చేశాం. కింద ఒక గీత గీశాం. గీతకి మూరెడు ఎత్తున ఒక చుక్క పెట్టాం. గీత మీద ఏదో ఒక చోటు పట్టుకుని, అది సరిగ్గా చుక్క మీదకొచ్చేలా కాగితం మడిచి, మడత నొక్కి విప్పాలి. ఇంకో చోటు పట్టుకుని మళ్ళీ అలాగే. మడతలు పెరుగుతున్నకొద్దీ వాటి మధ్య నించి ఒక వంపు తేలింది. గీసింది ఎవరూ లేరు, మడతలే దాన్ని కట్టేశాయి. ఆ వంపు మీద ఏ చోటు తీసుకున్నా, అక్కణ్ణించి చుక్కకి ఎంత దూరమో, నిట్టనిలువుగా గీతకీ అంతే దూరం. పిల్ల కొలిచి చూసింది, మళ్ళీ ఇంకో చోట కొలిచింది. నన్ను నమ్మదు కదా, దానికి లెక్కే సాక్ష్యం.

ఆ వంపుని ఇంకో కాగితం మీదకి దించి, కోసి నమూనా తయారుచేసి పిల్ల తండ్రికిచ్చాం. పడవ పక్కటెముకల్లాగే ఈ వంపులో చెక్కలు కోసి, వరసగా నిలబెట్టి, వాటి లోపల కిరసనాయిలు డబ్బాల తగరపు రేకు పరవాలి. పొడుగాటి తొట్టిలా అవుతుంది. చుక్క ఉండాల్సిన చోట, తొట్టి పొడుగునా ఒక ఇత్తడి గొట్టం. గొట్టానికి దీపం మసి పూసి నీళ్ళు నింపుతాం. ఎండ రేకు మీద పడి అంతా గొట్టం మీదకే రావాలి.

రాలేదు. గురువారం మధ్యాహ్నం తొట్టిని సూర్యుడి వైపు తిప్పి పెడితే, వెలుగు గొట్టానికి పైనా కిందా చెదిరిపోయింది. గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలలేదు కూడా. సైన్సు మేష్టారు వచ్చి చూసి, "ఎండ చాలదేమోనండీ" అన్నారు. మా ఊరి ఎండని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో.

పిల్ల తొట్టిని మళ్ళీ నిటారుగా పెట్టి గొట్టం తీసేసింది. గొట్టాన్ని మోసే చెక్కకి, చుక్క ఉన్న చోట మేకు కొట్టి దారం కట్టింది. గీత ఉండాల్సిన చోట ఒక బద్ద పెట్టింది. దారాన్ని మేకు నించి రేకు దాకా లాగి ఆ పొడుగు పట్టుకుని, అక్కణ్ణించి కిందికి వేలాడదీసింది. మధ్యలో సరిగ్గా బద్దకి తగిలింది. పక్కలకి వచ్చేసరికి దారం బద్దని దాటి కిందికి పోయింది. అంటే వంపు అక్కడ ఉండాల్సినదానికంటే లోతుగా ఉంది.

"నాన్నా, ఇక్కడ ఎక్కువ కోశావు" అంది.

ఆయన నవ్వేశాడు. "కోశాను మరి. అమ్మగారిచ్చిన వంపు పక్కలు మరీ బల్లపరుపుగా ఉన్నాయండీ. నీళ్ళ మీద నిలవదని కొంచెం పొట్ట ఇచ్చాను."

"ఇది నీళ్ళ మీదకి వెళ్ళదుగా నాన్నా" అంది పిల్ల. ఆయన దారం తీసుకుని తను కూడా అన్ని చోట్లా వేలాడదీసి చూసుకున్నాడు. తర్వాత కొత్త చెక్కలు తీశాడు. మంచి చెయ్యబోయిన మనిషి మీద కోపం రాదు గానీ, మిగిలింది ఒక్క రోజే. ఇది కుదరకపోతే నా పరువు పోదు, ఆ పిల్ల లెక్కలు పోతాయి.

శనివారం పన్నెండింటికి హెడ్మాస్టారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. తొట్టిని తిప్పుతూ ఉంటే, ఒక్కసారిగా నల్ల గొట్టం మీద తెల్లటి గీతలా వెలుగు నిలబడింది. ఫిల్టరులో పొడి వేసేలోపే గొట్టం మూతి నించి ఆవిరి కొట్టింది. ఆయన కాఫీ చేతికందుకుని నాతో కాదు, పిల్లతో మాట్లాడారు.

"కాఫీ బాగుందమ్మా. ఎండ ఎక్కడ పడినా ఆ గొట్టం మీదకే ఎందుకొచ్చింది?"

పిల్ల కాగితం తీసి ఒక మడత చూపించింది. "గీత మీద ఈ చోటుని చుక్క మీదకి మడిచానండీ. కాబట్టి ఈ మడత మీద ఎక్కడైనా సరే, ఈ చోటుకీ చుక్కకీ సమాన దూరం. ఈ చోటుకి నేరుగా పైన వంపు మడతని తాకుతుందండీ. అక్కడ చుక్క వైపు గీతా, కిందికి దిగే గీతా మడతతో ఒకే కోణం చేస్తాయి. పై నించి వచ్చే ఎండ ఆ కిందికి దిగే గీత దారిలోనే వస్తుంది కదండీ, ఎదురెదురు కోణాలు సమానం. కాబట్టి అద్దం మీద పడ్డట్టు మళ్ళి చుక్కకే పోవాలి."

"తాకుతుంది అన్నావు. కోసుకుని పోదని ఎలా తెలుసు?" అసలు ప్రశ్న అదే. నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను.

పిల్ల అదే మడత మీద ఇంకో చోట వేలు పెట్టింది. "మడత మీద ఇంకో చోటు తీసుకోండి. అక్కణ్ణించి చుక్కకెంతో, ఈ చోటుకీ అంతే. కానీ ఈ చోటుకి దారి ఏటవాలుగా ఉందండీ. గీతకి నిలువుగా దిగితే ఇంకా దగ్గర. అంటే ఆ చోటు చుక్కకంటే గీతకే దగ్గర, వంపు మీద లేదు, బయటే ఉంది. ఒక్క చోట తాకుతుందంతేనండీ."

హెడ్మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "మరి ఇంట్లో దీన్ని వాడతావా?"

"వాడనండీ. మా పొయ్యి బాగానే మండుతుందండీ. నాకు లెక్కలు కావాలండీ."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వారమంతా నేను కాఫీ చుట్టూ తిరిగాను, పిల్ల మాత్రం ఉన్న మాట అనేసింది. ఇంత కష్టపడి చివర్లో చెడగొట్టిందని కూడా అనిపించింది.

ఆయన పెన్ను తీసి పిల్ల కాంపోజిట్ దరఖాస్తు మీద సంతకం పెట్టారు. ఆరబెట్టుకుంటూ నా వైపు తిరిగారు.

"ఇన్నేళ్ళలో మగపిల్లల్లో ఒక్కణ్ణి కూడా, ఈ లెక్కలు ఇంట్లో ఎక్కడ పనికొస్తాయని అడగలేదు కదండీ నేను" అన్నారు.